బారసాలలో పెద్దాయన మాట: పిల్లాడికి నాలుగు పేర్లెందుకు?

బారసాలలో పురోహితుడి పని అయిపోయాక, భోజనాలకి లేచేముందు, 'మీరో రెండు మాటలు చెప్పండి' అని ఇంటి పెద్దని అడుగుతారు. చాలామంది అక్షింతలు వేసి, 'నూరేళ్లు చల్లగా ఉండాలి' అని కూర్చుంటారు. ఇంట్లో ఉన్న చిక్కు మాత్రం అలాగే ఉండిపోతుంది. పంతులుగారు ఒక అక్షరం చెప్పారు. తల్లిదండ్రులు మనసుపడ్డ పేరు ఆ అక్షరంతో మొదలవదు. నాయనమ్మేమో తాతగారి పేరు కలపమంటుంది. అమ్మమ్మకి కొండమీది దేవుడి మొక్కు గుర్తొస్తుంది. అందరిదీ సంప్రదాయమే. మరి ఏది పాటించాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. పిల్లాడు కార్తీక బహుళ ఏకాదశినాడు హస్తా నక్షత్రం మూడో పాదంలో పుట్టాడు. ఆపస్తంబ సూత్రం పాటించే ఇల్లు. ఇలవేల్పు వేంకటేశ్వరస్వామి. తల్లిదండ్రులు అనుకున్న పేరు రవి. పట్టికలో వచ్చిన అక్షరం 'ణ'. పిల్లాడి తాతగారి అన్నగారు లేచి మాట్లాడారనుకుందాం. విషయం తెలిసిన పెద్దాయన అయితే ఆయన మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి.

"పెద్దలందరికీ నమస్కారం. ఆకలి వేళ, ఎక్కువ మాట్లాడను. పొద్దుటినుంచీ ఈ ఇంట్లో ఒకటే చర్చ, 'ణ'తో పేరేముందని. అమ్మా కోడలా, నువ్వు నిఘంటువు కూడా తిరగేశావట. అందులో దొరకదమ్మా. 'ణ'తో మొదలయ్యే మాట తెలుగులో లేదు, సంస్కృతంలోనూ వాడుకలో లేదు. దానికి నువ్వు కంగారుపడక్కర్లేదు.

"చిన్నప్పుడు ఉరిమితే మనమంతా ఏం చేసేవాళ్లం? అర్జునుడి పేర్లు చదివేవాళ్లం. ఒక్క మనిషికి అన్ని పేర్లెందుకని ఎప్పుడైనా ఆలోచించామా? విరాటపర్వంలో ఉత్తరకుమారుడు ఆ ప్రశ్నే వేశాడు. జమ్మిచెట్టు దగ్గర బృహన్నల తానే అర్జునుణ్ణని చెబితే, అయితే ఆ పది పేర్లూ ఎందుకొచ్చాయో చెప్పమన్నాడు. అర్జునుడు ఒక్కోదానికీ కారణం చెప్పాడు. ఫల్గునీ నక్షత్రాల వేళ పుట్టాడు గనక ఫల్గునుడు. ఒంటి రంగు చూసి తండ్రి ముద్దుగా పెట్టింది కృష్ణుడు. రెండు చేతులతోనూ గాండీవం లాగగలడు గనక సవ్యసాచి. రాజుల్ని గెలిచి ధనం తెచ్చాడు గనక ధనంజయుడు. ఇవికాక తల్లి పృథ పేరుమీద పార్థుడు. ఒక పేరు చుక్క ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చాడు, ఒకటి తల్లివల్ల వచ్చింది, మిగతావి తను సంపాదించుకున్నాడు. ఏ పేరు పని దానిదే. ఫల్గునుడు అన్న పేరుంది కదా అని ధనంజయుణ్ణి ఎవరూ తీసెయ్యలేదు.

"మన వాడికీ ఇవాళ పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాసింది ఒక్క పేరు కాదు. ఇలవేల్పుని బట్టి ఒకటి, పుట్టిన నెలని బట్టి దామోదరుడని ఒకటి, చుక్కని బట్టి ఒకటి, పిలుచుకోవడానికి ఒకటి. చుక్క పేరు నలుగురిలో చెప్పేది కాదు. అది వాడిది, వాడి అమ్మానాన్నలది. పిలిచే పేరు ఊరందరిది. ఒకదాని బరువు ఇంకొకదాని నెత్తిన పెట్టకండి.

"ఇక రవి సంగతి. హస్తకి అధిదేవత సవిత, అంటే సూర్యుడు. మీరు తెలిసి పెట్టినా తెలియక పెట్టినా, అక్షరం కలవకపోయినా, ఆ పేరు వాడి చుక్కదగ్గరికే చేరింది. బావగారూ, వదినగారూ, మీకు సమ్మతమే కదా? అయితే వాడి చెవిలో చెప్పిన పేరుతోనే అందరం పిలుద్దాం. నాయనా రవీ, దీర్ఘాయుష్మాన్ భవ. ఇక లేవండి, విస్తళ్లు వేశారు."

ఇంతే ప్రసంగం. ఇందులో ఆయన విప్పకుండా వదిలేసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

చుక్క పేరు, పిలిచే పేరు

తెలుగునాట వైదిక కర్మలు చేసుకునే ఇళ్లలో చాలావాటికి ఆధారం ఆపస్తంబ గృహ్యసూత్రం. అందులో పేరు రెండుసార్లు వస్తుంది. మొదటిది పుట్టినప్పుడు చేసే జాతకర్మలో. అప్పుడు తండ్రి నక్షత్రాన్ని బట్టి ఒక పేరు పెట్టాలి, అది రహస్యంగా ఉండాలి అంటుంది సూత్రం. రెండోది పదో రోజున. తల్లి పురిటి మంచం మీదినుంచి లేచి స్నానం చేశాక, తల్లీ తండ్రీ కలిసి పిల్లాడికి పేరు పెట్టాలంటుంది. పెట్టే రోజు వేరు, పెట్టే పద్ధతి వేరు, వాడుక వేరు. అవి రెండు పేర్లన్నమాట.

ఆశ్వలాయన గృహ్యసూత్రం కూడా ఇలాంటి మాటే చెబుతుంది. గురువుకి నమస్కరించేటప్పుడు చెప్పుకోవాల్సిన పేరు ఒకటి నిర్ణయించాలని, ఉపనయనం దాకా అది తల్లిదండ్రులకి మాత్రమే తెలియాలని అందులో ఉంది. పుట్టిన నక్షత్రం నలుగురికీ తెలిస్తే కిట్టనివాళ్లు కీడు తలపెడతారన్న పాతకాలపు భయం దీని వెనక ఉంది. ఇవాళ ఆ భయం లేకపోయినా, లోపలి పేరొకటి, బయటి పేరొకటి అన్న విభజన మిగిలింది.

కాలక్రమంలో ధర్మశాస్త్ర నిబంధాలు ఈ రెండింటికీ మరో రెండు కలిపి దేవతానామం, మాసనామం, నక్షత్రనామం, వ్యావహారికనామం అని నాలుగు చేశాయి. పెద్దాయన చెప్పిన పళ్లెంలోని నాలుగు పేర్లూ ఇవే. ఇక రోజు విషయంలో ఆపస్తంబుడు పదో రోజంటే, మనుస్మృతి పదో రోజుగానీ పన్నెండో రోజుగానీ, లేదా మంచి తిథి నక్షత్రాలున్న మరో రోజుగానీ అంటుంది. మన ఇళ్లలో పదకొండో రోజు పురిటిశుద్ధి చేసి, అప్పుడే పేరు పెట్టేవాళ్లున్నారు, ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేసి పెట్టేవాళ్లూ ఉన్నారు.

అక్షరం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆపస్తంబుడు చెప్పింది నక్షత్రాన్ని బట్టి పెట్టే పేరు. దాన్ని నక్షత్రం పేరునుంచే తయారుచేసేవారు. రోహిణిలో పుట్టినవాడు రౌహిణుడు. ఫల్గునిలో పుట్టినవాడు ఫల్గునుడు. ఇలాంటి పేర్లు ఎలా ఏర్పడతాయో పాణిని తన వ్యాకరణంలో సూత్రాలే రాశాడు. ఆయన లెక్కన హస్తలో పుట్టినవాడికి ప్రత్యయమేమీ మిగలదు, 'హస్త' అనే పేరే వస్తుంది. మన ఉదాహరణలోని పిల్లాడి నక్షత్రనామం ఈ పద్ధతిలో అదే అవుతుంది.

పాదానికో అక్షరం ఇచ్చే పట్టిక జ్యోతిషానికి చెందింది. దాన్ని అవకహడ చక్రం అంటారు. నక్షత్రాలు 27, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 పాదాలకి 108 అక్షరాలు. అశ్వినికి చు, చే, చో, ల. రోహిణికి ఓ, వ, వి, వు. హస్తకి పు, ష, ణ, ఠ. ఇక్కడే అసలు ఇబ్బంది. హస్త మూడో పాదానికి వచ్చిన 'ణ'తో గానీ, ఆరుద్ర మూడో పాదానికి వచ్చిన 'ఙ'తో గానీ ఎవరూ పేరు పెట్టలేరు. పిలిచే పేరు తప్పనిసరిగా ఈ అక్షరంతోనే మొదలవాలన్నది నియమమే అయితే, ఆ పాదాల్లో పుట్టినవాళ్లకి పేరే ఉండకూడదు. ఆచరణలో పంతుళ్లు 'ణ'కి బదులు 'న' తీసుకోమనో, అదే నక్షత్రంలోని మరో పాదం అక్షరం తీసుకోమనో సర్దుబాటు చెబుతారు. అక్షరం మీద పట్టుదల ఉన్న ఇంట్లో ఆ సర్దుబాటు చేసుకోవచ్చు. లేనివాళ్లు అక్షరాన్ని లోపలి పేరుకి వదిలేసి, బయటి పేరు తమకి నచ్చినట్టు పెట్టుకోవచ్చు.

అక్షరం కావాలనుకునేవాళ్లు ముందు పాదం సరిగా చూసుకోవాలి. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది, అంటే ఒక్కో పాదానికి దాదాపు ఆరు గంటలు. పాదం మారే సమయానికి పది పదిహేను నిమిషాలు అటూ ఇటూగా పుట్టిన బిడ్డకి, ఆసుపత్రిలో రాసిన సమయం కాస్త తేడాగా ఉన్నా, వాడిన పంచాంగం మారినా అక్షరం మారిపోతుంది. రెండు పంచాంగాలు రెండు పాదాలు చూపిస్తే, బిడ్డ సరిహద్దులో పుట్టిందని అర్థం.

విదేశాల్లో పుట్టిన పిల్లల విషయంలో ఇంతకన్నా పెద్ద తప్పు జరుగుతుంది. డాలస్‌లో చలికాలం రాత్రి 8 గంటలకి బిడ్డ పుడితే, అప్పుడు మనకి మర్నాడు ఉదయం 7.30. ఇక్కడి తాతగారు అక్కడి తేదీ, అక్కడి గంట పట్టుకుని మన పంచాంగంలో చూస్తే పదకొండున్నర గంటల తేడా వస్తుంది. అంటే దాదాపు రెండు పాదాలు. నిజానికి మూడో పాదంలో పుట్టిన బిడ్డ ఒకటో పాదంలోకి వెళ్లిపోతుంది, ఒక్కోసారి నక్షత్రమే మారిపోతుంది. నక్షత్రం మారే క్షణం భూమంతటికీ ఒక్కటే గనక, పుట్టిన సమయాన్ని ముందు మన గంటల్లోకి మార్చుకుని ఆ తర్వాతే పంచాంగం తెరవాలి.

నెల పేరు, దేవుడి పేరు

మాసనామం తేలిక. సంధ్యావందనంలో చెప్పే కేశవాది నామాల్లో మొదటి పన్నెండూ పన్నెండు నెలలకి ఉన్నాయి. మార్గశిరంతో లెక్క మొదలవుతుంది. మార్గశిరం కేశవుడిది, పుష్యం నారాయణుడిది, మాఘం మాధవుడిది, ఇలా వెళ్లి కార్తీకం దామోదరుడిది. కృష్ణుడు, అనంతుడు, అచ్యుతుడు అంటూ మార్గశిరంనుంచే సాగే మరో వరస కూడా ఉంది. దాని ప్రకారం కార్తీకానికి పుండరీకాక్షుడు. ఒక ఇంట్లో దామోదరుడనీ ఇంకో ఇంట్లో పుండరీకాక్షుడనీ చెబితే ఎవరో ఒకరు పొరబడ్డారని కాదు, వాళ్లు పాటించే వరసలు వేరు.

దేవతానామం దగ్గరికి వచ్చేసరికి శాస్త్రంకన్నా ఊరు ఎక్కువ మాట్లాడుతుంది. పేరు వింటే మనిషి ఏ ప్రాంతంవాడో చెప్పగలగడం తెలుగువాళ్లకి మామూలే. అప్పన్న, సింహాచలం అంటే విశాఖ వైపు. పైడితల్లి, పైడిరాజు అంటే విజయనగరం. నూకరాజు, నూకాలమ్మ అంటే అనకాపల్లి చుట్టుపక్కల. కోటయ్య, కోటేశ్వరరావు పేర్ల వెనక కోటప్పకొండ ఉంటుంది. ఓబులేసు అంటే అహోబిలం నరసింహుడు. యాదగిరి, యాదయ్య అంటే యాదగిరిగుట్ట. రాజన్న అంటే వేములవాడ. సమ్మక్క, సారక్క అంటే మేడారం. వీళ్లలో చాలామంది ఇళ్లలో గృహ్యసూత్రం తెరిచినవాళ్లు లేరు. పిల్లలు లేకో, పుట్టినవాళ్లు నిలవకో మొక్కుకున్నారు, మొక్కు తీరాక ఆ దేవుడి పేరు పెట్టారు. ఆ మొక్కుకి మతం గోడ కూడా అడ్డురాలేదు. దర్గాకి మొక్కుకుని హిందువుల ఇళ్లలో పెట్టిన మస్తానయ్య, సైదులు లాంటి పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి.

దీనికి పూర్తిగా ఎదురుగా కనిపించే పేర్లు పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, తవిటయ్య. వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో, పుట్టిన పసిగుడ్డుని పెంటకుప్ప మీద ఒక్క క్షణం ఉంచి తెచ్చుకునేవారు, లేదా ఎంగిలి విస్తరిలో దొర్లించేవారు, లేదా గుప్పెడు తవుడుకి ఇరుగింటివాళ్ల దగ్గర కొనుక్కున్నట్టు నటించేవారు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని మృత్యువు వదిలేస్తుందని నమ్మకం. నక్షత్రనామాన్ని దాచిపెట్టడమూ బిడ్డని కాపాడుకోవడానికే, పెంటయ్య అని ఊరంతా వినేలా పిలవడమూ అందుకే. అందుకని ఈ పేర్లు విని నవ్వేవాళ్లకి ఆ ఇంటి కథ తెలియదనే అనుకోవాలి.

పిలిచే పేరుకి ఉన్న నియమాలు

వ్యావహారికనామానికి ఆపస్తంబుడు చెప్పిన నియమాలు పలుకు గురించినవి. మగపిల్లాడి పేరు రెండు లేదా నాలుగు అక్షరాలుండాలి. గ, జ, ద, బ లాంటి నాదమున్న అక్షరంతో మొదలవాలి, మధ్యలో య, ర, ల, వ లలో ఒకటి రావాలి. చివరి అక్షరం గురించి ఇంకో నియమం ఉంది. ఇవేవీ కాకపోతే ముందు 'సు' ఉన్న పేరు పెట్టినా మంచిదే, అలాంటి పేరు నిలబడుతుందంటాడు. సుదర్శన లాంటివన్నమాట. ఆడపిల్ల పేరుకి బేసి సంఖ్యలో అక్షరాలు ఉండాలి, సావిత్రి, యశోద మాదిరిగా. ఆడపిల్ల పేరు నోటికి సుళువుగా, అర్థం స్పష్టంగా, మంగళకరంగా ఉండాలని మనుస్మృతి కలుపుతుంది.

ఈ నియమాలు చదివి ఇంట్లో ఉన్న పేర్లన్నీ కొలవడం మొదలుపెడితే ఏమవుతుందో చూడండి. సీత, రాధ, లక్ష్మి, దుర్గ అందరివీ రెండక్షరాల పేర్లే. కేశవుడి పేరుకి మూడక్షరాలు, పైగా నాదం లేని 'క'తో మొదలవుతుంది. నక్షత్రం పేరో నది పేరో ఉన్న అమ్మాయిని పెళ్లాడవద్దని మనుస్మృతిలో ఒక మాట ఉంది. రోహిణి, రేవతి, గంగ, గోదావరి లేని తెలుగు ఊరుందా? చెవికి ఇంపుగా, పిలవడానికి వీలుగా, మంచి అర్థంతో ఉండాలన్న ఉద్దేశాన్ని జనం తీసుకున్నారు, లెక్కల్ని వదిలేశారు. మన ఉదాహరణలోని 'రవి' రెండక్షరాలు, నాదమున్న అక్షరంతో మొదలవుతుంది, తర్వాత 'వ' ఉంది. చివరి అక్షరం నియమానికి పూర్తిగా నిలవకపోయినా ఎవరూ పట్టించుకోరు.

తాతగారి పేరు కలపాలన్న నాయనమ్మ కోరికకి చోటు కూడా ఇక్కడే ఉంది. అయితే పాత ఇళ్లలో కోడలు మామగారి పేరు నోటితో అనేది కాదు. ఆ పేరే కొడుక్కి పెడితే పిలవడమెలా? అందుకే తాత పేరు పెట్టిన పిల్లలు బుజ్జి, చిన్న, అబ్బాయి, నాయన అన్న ముద్దుపేర్లతో పెరిగారు. అలా ఐదో పేరు పుట్టింది.

రాసి పెట్టుకోవాల్సింది

బియ్యం మీద రాసిన పేర్లు ఆ పూటకే. అందుకని బారసాల అయిన రోజే ఒక పుస్తకంలో పుట్టిన తేదీ, గంట, ఊరు, తిథి, నెల, నక్షత్రం, పాదం, ఆ కింద నాలుగు పేర్లూ రాసి పెట్టాలి. ప్రభుత్వ రికార్డుకి తొందర లేదు. జననం 21 రోజుల్లోగా నమోదు చేయించాలి గానీ, పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోపు రుసుం లేకుండా పేరు ఎక్కించుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుంతో 15 ఏళ్ల దాకా వీలుంది. ఇంటి పుస్తకానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. పుట్టిన గంట మర్చిపోతే మళ్లీ ఎవరూ చెప్పలేరు.

ఇందులో ఇంకో లాభం ఉంది. ఉపనయనానికో పెళ్లికో ముహూర్తం పెట్టేటప్పుడు, గుళ్లో అర్చన చేయించేటప్పుడు పంతులుగారు నక్షత్రం అడుగుతారు. తెలియదంటే, పిలిచే పేరు మొదటి అక్షరాన్ని పట్టికలో వెతికి నామనక్షత్రంతో పని కానిస్తారు. మన రవికి ఆ పద్ధతిలో చూస్తే 'ర' చిత్తా నక్షత్రం మూడో పాదానికి వస్తుంది, వాడు పుట్టింది హస్తలో. పేరు మొదటి అక్షరం మీద మనవాళ్లకి అంత పట్టింపు మిగలడానికి ఒక కారణం ఇదే. నక్షత్రం మరిచిపోయిన రోజున పేరే దాన్ని గుర్తుచేయాలి. నక్షత్రం పుస్తకంలో భద్రంగా ఉంటే అక్షరానికి ఆ పని ఉండదు, పిల్లాడికి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు.